మొదటి సర్టిఫికేషన్ పేరు చెప్పేముందు

హైదరాబాద్‌లో నెట్‌వర్క్, సర్వర్ సపోర్ట్ టీముల్లో పనిచేసినన్నాళ్లూ జూనియర్లు నన్ను తరచుగా అడిగిన ప్రశ్న ఒకటే. "సార్, మొదట ఏ సర్టిఫికేషన్ చేయమంటారు?" దీనికి ఒక పేరు చెప్పి పంపించడం తేలిక. కానీ ఆ పేరు పట్టుకుని ఒక పిల్లో పిల్లవాడో కొన్ని నెలల నిద్ర పోగొట్టుకుంటారు, ఒక నెల జీతంలో పెద్ద భాగం ఫీజుగా కడతారు, ఇంట్లోవాళ్లకు "ఇది పాసైతే మారిపోతుంది" అని చెప్పుకుంటారు. అందుకే నేను పేరు చెప్పేముందు కూర్చోబెట్టి అడుగుతాను. ఏం అడగాలో ఇక్కడ రాస్తున్నాను. కొత్తగా టీమ్ లీడ్ అయినవాళ్లకు, తమ కిందివాళ్లకు దారి చెప్పాల్సిన సీనియర్లకు పనికొస్తుందని.

ఉదాహరణకు ఒకమ్మాయి సంగతి చెబుతాను. నెట్‌వర్క్ ఆపరేషన్స్ సెంటర్‌లో ఎల్1 ఉద్యోగం, వారం మార్చి వారం నైట్ షిఫ్ట్. ఏడబ్ల్యూఎస్ సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ చేయాలని అప్పటికే నిర్ణయించుకుని, నా చేత సరే అనిపించుకోవడానికి వచ్చింది.

1. నిన్న షిఫ్టులో ఏం చేశావు?

అన్నిటికన్నా ముందు అడగాల్సింది ఇదే. భవిష్యత్తులో ఏమవ్వాలనుకుంటున్నావని అడిగితే అందరూ చెప్పేది దాదాపు ఒకటే: క్లౌడ్, సెక్యూరిటీ, డెవాప్స్. నిన్న చేసిన పని అడిగితే మాత్రం ఎవరి జవాబు వాళ్లది.

మాటలతో వదిలిపెట్టకుండా గత నెల టికెట్ల పట్టిక తీసుకురమ్మన్నాను. తెచ్చింది. ఇద్దరం కూర్చుని వాటిని కుప్పలుగా వేరుచేశాం. లింక్ డౌన్ అలర్టులు ఒక కుప్ప. ఫలానా సీట్లో సిస్టమ్‌కు నెట్‌వర్క్ రావడం లేదన్నవి ఇంకో కుప్ప. వీపీఎన్ కనెక్ట్ కావడం లేదన్నవి కొన్ని, సర్వర్‌లో డిస్క్ నిండిందన్నవి కొన్ని. క్లౌడ్‌కు సంబంధించిన టికెట్ ఒక్కటీ లేదు. ఆ క్లయింట్‌కు క్లౌడ్ ఉంది, కానీ దాన్ని చూసుకునే టీమ్ వేరే ఊళ్లో ఉంది.

తర్వాత ఇంకో మాట అడిగాను. "వీటిలో నువ్వు ఎల్2కి పంపించేసి, 'ఇది నేనే చేయగలిగితే బాగుండు' అనుకున్నవి ఏవమ్మా?" ఆ అమ్మాయి తడుముకోకుండా ఒక టికెట్ చూపించింది. అకౌంట్స్ విభాగాన్ని ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకు మార్చారు. మర్నాడు పొద్దున అక్కడి కంప్యూటర్లు ఒక్కటీ సర్వర్‌ను అందుకోలేదు. అన్నిటికీ 169.254తో మొదలయ్యే అడ్రసులు వచ్చాయి. అంటే అడ్రస్ ఇమ్మని కంప్యూటర్ అడిగింది, డీహెచ్‌సీపీ సర్వర్ నుంచి జవాబు రాలేదు, దాంతో విండోస్ తనంతట తానే ఒక అడ్రస్ పెట్టేసుకుంది. అంతవరకు ఆ అమ్మాయికి తెలుసు. జవాబు ఎందుకు రాలేదో తెలియలేదు. ఎల్2 ఇంజినీరు వచ్చి రెండు నిమిషాల్లో సరిచేసి వెళ్లాడు. ఏం చేశాడో టికెట్‌లో రాయలేదు.

పంపించేసిన టికెట్ల కుప్పలో ఏ విషయం ఎక్కువగా ఉందో, మొదటి సర్టిఫికేషన్ చాలావరకు అక్కడే ఉంటుంది. చదివింది మర్నాడే పనిలో కనిపిస్తే మనసులో నిలుస్తుంది. పనిలో ఎప్పుడూ కనిపించనిది పరీక్ష అయిన రెండు నెలలకు పోతుంది. ఇది నేను టీముల్లో మళ్లీ మళ్లీ చూసిన విషయం.

2. ఇది చేయమని నీకు ఎవరు చెప్పారు?

ఈ ప్రశ్న అనుమానంతో కాదు, శ్రద్ధతో అడగాలి. సలహా ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే, అది ఎవరి అవసరంలోంచి పుట్టిందో తెలుస్తుంది.

ఒక ఉదాహరణ. "మొదట కాంప్‌టియా సెక్యూరిటీ ప్లస్ చెయ్" అన్న సలహా అమెరికా నుంచి వచ్చే ప్రతి జాబితాలో ఉంటుంది. మంచి పరీక్షే. కానీ అక్కడ దానికి అంత గిరాకీ ఉండటానికి ఒక ప్రత్యేక కారణం ఉంది. అమెరికా రక్షణ శాఖ 2005లో తెచ్చిన 8570 నియమావళి ప్రకారం ఆ శాఖ సిస్టమ్‌లపై భద్రతా బాధ్యతల్లో పనిచేసేవాళ్లకు ఆమోదించిన సర్టిఫికేషన్ ఉండి తీరాల్సి వచ్చేది. ఆ ఆమోదిత జాబితాలో సెక్యూరిటీ ప్లస్ ఉండేది. తర్వాత ఆ నియమావళి స్థానంలో 8140 వచ్చింది. అక్కడి కాంట్రాక్టు కంపెనీలో చేరేవాడికి ఆ కాగితం లేకపోతే ఉద్యోగం దొరకడం కష్టం. గచ్చిబౌలిలో ఎల్1 డెస్క్ మీద కూర్చున్న మన పిల్లలకు ఆ నియమం వర్తించదు. డాలస్‌లో ఉన్న అన్నయ్య మంచి మనసుతోనే చెప్పి ఉంటాడు, కానీ తన చుట్టూ ఉన్న ఉద్యోగాలను చూసి చెప్పాడు.

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్‌వాళ్లు చెబితే, సోమవారం ఏ బ్యాచ్ మొదలవుతోందో దాన్ని బట్టి చెప్పే అవకాశం ఉంది. సీనియర్ చెబితే తను ఎప్పుడో రాసిన పరీక్షను గుర్తుపెట్టుకుని చెప్పి ఉండవచ్చు. సిస్కో సీసీఎన్ఏ పేరు పాతదే అయినా, 2020 ఫిబ్రవరిలో రూటింగ్, సెక్యూరిటీ, వైర్‌లెస్ అంటూ విడివిడిగా ఉన్న సీసీఎన్ఏలను తీసేసి 200-301 అనే ఒకే పరీక్ష పెట్టారు. అందులో ఆటోమేషన్ కూడా చేరింది. పాత పుస్తకం, పాత నోట్సు ఇచ్చి చదవమనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఒక్కోసారి సలహా కంపెనీ నుంచే వస్తుంది. ఏడబ్ల్యూఎస్ వంటి సంస్థల దగ్గర పార్ట్‌నర్‌గా పై మెట్టు ఎక్కాలంటే కంపెనీలో ఇంతమంది సర్టిఫైడ్ ఉద్యోగులు ఉండాలని లెక్క ఉంటుంది. ఆ లెక్క కోసం మేనేజర్ పరీక్ష రాయమంటే ఫీజు కంపెనీ కడుతుంది కాబట్టి రాయడంలో తప్పులేదు. అయితే పాసయ్యాక ఆ పని ఇస్తారా అని ముందే అడిగించండి. సర్టిఫికెట్ లెక్కలోకి వెళ్లి, మనిషి మాత్రం పాత సీట్లోనే ఉండిపోవడం నేను చూశాను.

ఆ అమ్మాయికి ఏడబ్ల్యూఎస్ సంగతి చెప్పింది కాలేజీ స్నేహితురాలు. ఆ స్నేహితురాలు డెవలపర్, రోజూ క్లౌడ్‌లోనే పని. ఆమెకు అది సరైనదే.

3. పరీక్షలో ఏం అడుగుతారో ఆ పట్టిక మొత్తం చదివావా?

చాలామంది చదవరు. వీడియోలు చూస్తారు, కోర్సు కొంటారు, కానీ పరీక్ష పెట్టే సంస్థ తానే ఉచితంగా ఇచ్చే అంశాల పట్టికను తెరవరు. మెంటర్ చేయగలిగిన అత్యంత ఉపయోగకరమైన పని ఆ పట్టికను ప్రింట్ తీసి, జూనియర్ పక్కన కూర్చుని, ఒక్కో లైనూ చదివించడం. గంట పడుతుంది.

నేను ప్రతి లైను పక్కన మూడు గుర్తుల్లో ఒకటి పెట్టమంటాను. పనిలో స్వయంగా చేసినదైతే టిక్కు. వేరేవాళ్లు చేస్తుండగా చూసినదైతే చుక్క. ఎప్పుడూ విననిదైతే ఖాళీ. ఆ అమ్మాయి కోరుకున్న ఏడబ్ల్యూఎస్ పట్టికతో మొదలుపెట్టాం. దాదాపు అంతా ఖాళీ. అది ఆ అమ్మాయి తప్పు కాదు. క్లౌడ్‌లో డిజైన్ పని ఏడాది చేసినవాళ్ల కోసం ఆ పరీక్ష పెట్టామని ఏడబ్ల్యూఎస్ స్వయంగా రాసుకుంది. ఆ అనుభవం లేకుండా రాయకూడదని నియమం లేదు కాబట్టి ఆ వాక్యాన్ని అందరూ దాటేస్తారు.

తర్వాత సీసీఎన్ఏ పట్టిక తీశాం. అందులో ఆరు భాగాలు. నెట్‌వర్క్ మూలాంశాలకు 20 శాతం, స్విచింగ్ వైపు అంశాలకు 20, రూటింగ్‌కు 25, డీహెచ్‌సీపీ వంటి సర్వీసులకు 10, భద్రతకు 15, ఆటోమేషన్‌కు 10. మొదటి రెండు భాగాల్లో టిక్కులు కొన్ని, చుక్కలు చాలా పడ్డాయి. రూటింగ్‌లో చుక్కలు తక్కువ. ఆటోమేషన్ మొత్తం ఖాళీ. మొదటి సర్టిఫికేషన్‌కు ఇలాంటి పట్టికే కావాలి. అన్నీ టిక్కులైతే ఆ పరీక్షలో కొత్తగా నేర్చుకునేది లేదు. అన్నీ ఖాళీలైతే ఇది మొదటిది కాదు, రెండోదో మూడోదో. చుక్కలు ఎక్కువగా ఉన్నదే సరైనది, ఎందుకంటే చూసిన పనిని చేసే పనిగా మార్చుకోవడానికి ఆ చదువు సాయపడుతుంది.

పట్టికలో ఇంకొకటి చూపించాలి. ప్రతి లైను మొదట ఏ క్రియ ఉందో చూడమనండి. కొన్ని అంశాలను వివరించగలిగితే చాలు. కొన్నిటిని పోల్చగలగాలి. కొన్నిటిని కాన్ఫిగర్ చేసి, పనిచేస్తోందో లేదో సరిచూడగలగాలి. వీల్యాన్లు, స్విచ్‌ల మధ్య ట్రంక్ లింకులు ఈ చివరి రకంలో ఉన్నాయి. అంటే వాటిని వీడియో చూసి నేర్చుకుంటే సరిపోదు.

పట్టిక పక్కన పెట్టి కాగితం మీద ఒక చిన్న లెక్క కూడా ఇస్తాను. ఒక కంప్యూటర్ అడ్రస్ 10.20.30.70, మాస్క్ 255.255.255.192, గేట్‌వే 10.20.30.1. ఇది బయటి నెట్‌వర్క్‌ను అందుకుంటుందా? 256లోంచి 192 తీసేస్తే 64. కాబట్టి నెట్‌వర్క్‌లు 0 నుంచి 63 వరకు ఒకటి, 64 నుంచి 127 వరకు ఇంకొకటి, అలా సాగుతాయి. 70 రెండోదాంట్లో ఉంది, గేట్‌వే మొదటిదాంట్లో ఉంది. తన నెట్‌వర్క్‌లో లేని గేట్‌వేను కంప్యూటర్ అందుకోలేదు. ఈ లెక్క రాకపోతే నెట్‌వర్క్ వైపు వెళ్లొద్దని కాదు, మొదటి రెండు వారాలు దీనికే ఇవ్వాలని అర్థం. క్లౌడ్‌కు వెళ్లినా ఈ లెక్క తప్పదు. అక్కడ నెట్‌వర్క్ విభజించేటప్పుడు అడిగేది కూడా ఇదే. ఆ అమ్మాయి జవాబు సరిగ్గానే చెప్పింది, కానీ వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ చాలాసేపు తీసుకుంది.

4. చేత్తో చేసి చూడటానికి నీ దగ్గర ఏముంది?

ల్యాప్‌టాప్ ఉందా, అందులో మెమరీ ఎంత, ఇంట్లోనో హాస్టల్లోనో రాత్రిపూట కూర్చునే చోటు ఉందా అని అడగాలి. ఇవి చిన్న ప్రశ్నలు కావు. నలుగురు ఉండే గదిలో ఆఫీస్ ల్యాప్‌టాప్ తప్ప వేరేది లేనివాళ్లు చాలామంది ఉంటారు. ఆఫీస్ ల్యాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్ వేసుకోవడానికి కుదరదు.

సీసీఎన్ఏకు సిస్కో వాళ్ల ప్యాకెట్ ట్రేసర్ చాలు. నెట్‌వర్కింగ్ అకాడమీలో ఖాతా తెరిస్తే ఉచితం, మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. లైనక్స్ పరీక్షకైతే రెండు వర్చువల్ మెషీన్లు నడిచేంత మెమరీ ఉండాలి. రెడ్ హ్యాట్ వ్యక్తిగత డెవలపర్లకు ఉచిత సబ్‌స్క్రిప్షన్ ఇస్తుంది. క్లౌడ్‌కైతే క్రెడిట్ కార్డు కావాలి, జాగ్రత్త కావాలి. నాట్ గేట్‌వే వంటివి వాడినా వాడకపోయినా గంటల లెక్కన బిల్లు పడుతూనే ఉంటాయి. ఖాతా తెరిచిన రోజే, మొదటి సర్వర్ పెట్టకముందే, బడ్జెట్ అలర్ట్ పెట్టించండి.

ఆ అమ్మాయికి నేను మొదటి ల్యాబ్‌గా ఇచ్చింది అకౌంట్స్ విభాగం టికెట్‌నే. ప్యాకెట్ ట్రేసర్‌లో రెండు స్విచ్‌లు పెట్టమన్నాను, ఒక్కోటి ఒక్కో అంతస్తు. మధ్యలో ట్రంక్ లింకు. వీల్యాన్ 10 మామూలు సిబ్బందికి, వీల్యాన్ 30 అకౌంట్స్‌కు. ట్రంక్ మీద 10కి మాత్రమే అనుమతి ఇచ్చి, పై అంతస్తులో వీల్యాన్ 30 పోర్టుకు ఒక కంప్యూటర్ తగిలించమన్నాను. కంప్యూటర్‌కు 169.254 అడ్రస్ వచ్చింది. ఆ రోజు ఆఫీసులో వచ్చినట్టే.

ఇప్పుడు ఎక్కడ తెగిందో కనిపెట్టమన్నాను. `show vlan brief` కొడితే పోర్టు వీల్యాన్ 30లోనే ఉంది. అక్కడ తప్పులేదు. `show interfaces trunk` కొడితే అనుమతించిన జాబితాలో 10 ఉంది, 30 లేదు. అడ్రస్ ఇమ్మన్న అభ్యర్థన ట్రంక్ దగ్గరే ఆగిపోయింది, కింది అంతస్తులోని డీహెచ్‌సీపీ సర్వర్‌కు చేరలేదు. ఎల్2 ఇంజినీరు రెండు నిమిషాల్లో చేసింది ఈ రెండు లైన్లే అయి ఉండాలి:

```
interface GigabitEthernet0/1
 switchport trunk allowed vlan add 30
```

ఇందులో `add` అన్న మాటను మర్చిపోతే ఏమవుతుందో కూడా చేసి చూడమన్నాను. జాబితాకు 30 కలవదు, జాబితా మొత్తం పోయి 30 ఒక్కటే మిగులుతుంది. అకౌంట్స్‌కు నెట్‌వర్క్ వస్తుంది, మిగతా అంతస్తు అంతటికీ పోతుంది. నిజమైన ఆఫీసుల్లో ఈ ఒక్క మాట మర్చిపోయి నెట్‌వర్క్ పడగొట్టినవాళ్లు తక్కువమంది కాదు. ల్యాబ్‌లో అలా పడగొట్టి, మళ్లీ నిలబెట్టాక ఆ అమ్మాయి అన్న మాట: "సార్, టికెట్ పంపించేటప్పుడు ఇకమీదట ఈ రెండు కమాండ్ల ఔట్‌పుట్ కూడా పెట్టి పంపిస్తాను." పరీక్ష ఫీజు కట్టకముందే, ఇంకా పుస్తకం మొదలుపెట్టకముందే ఆ పిల్ల పని మెరుగుపడింది. సరైన సర్టిఫికేషన్ ఎంచుకున్నామనడానికి ఇంతకన్నా మంచి గుర్తు నాకు తెలియదు.

5. నువ్వు ఎలాంటి పరీక్ష బాగా రాస్తావు?

పరీక్షలన్నీ ఒకలా ఉండవు. రెడ్ హ్యాట్ ఆర్‌హెచ్‌సీఎస్ఏలో జవాబు ఎంచుకునే ప్రశ్నలు ఉండవు. మెషీన్ ఇచ్చి పనులు చేయమంటారు, ఇంటర్నెట్ ఉండదు, 300కి 210 రావాలి. అన్నిటికన్నా ముఖ్యం, చేసిన మార్పులు మెషీన్ రీబూట్ అయ్యాక కూడా నిలవాలి. డిస్క్ మౌంట్ చేసి `/etc/fstab`లో రాయకపోతే, సర్వీస్ స్టార్ట్ చేసి `systemctl enable` కొట్టకపోతే, కళ్లముందు పనిచేసినదానికి కూడా మార్కులు రావు. బ్యాకప్ టీములో ఉన్న ఒక కుర్రవాడికి నేను ఇదే చెప్పాను. రోజూ లైనక్స్ సర్వర్ల మీద చేత్తో పనిచేసేవాడు, కానీ థియరీ ప్రశ్నలంటే భయం. అతనికి ఇది సరిపోయింది.

సీసీఎన్ఏ రెండు గంటల పరీక్ష. ఒక ప్రశ్న దాటి ముందుకెళితే వెనక్కి రావడం కుదరదు. తెలిసినవి ముందు రాసి, తెలియనివి చివర్లో చూసుకుందామన్న మన ఎంసెట్ అలవాటు అక్కడ చెల్లదు. ఏడబ్ల్యూఎస్‌లో గుర్తు పెట్టుకుని వెనక్కి రావచ్చు.

ఇంగ్లిష్ సంగతి సున్నితంగా అడగాలి, కానీ తప్పకుండా అడగాలి. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లకు విషయం తెలిసి కూడా పొడుగాటి సందర్భ ప్రశ్నల్లో సమయం చాలదు. నేను ఒక నమూనా ప్రశ్న ఇచ్చి, "జవాబు వద్దు, ఏం అడుగుతున్నాడో తెలుగులో చెప్పు" అంటాను. అర్థమైనా చదవడానికే రెండు నిమిషాలు పడితే, ఆ లోటు చదువుది కాదు, సమయానిది. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లకు ఏడబ్ల్యూఎస్ 30 నిమిషాలు అదనంగా ఇస్తుంది. అయితే పరీక్ష తేదీ బుక్ చేసుకోకముందే అడిగి మంజూరు చేయించుకోవాలి. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఐఎస్‌టీక్యూబీ కూడా అలాంటివాళ్లకు సమయం పెంచుతుంది. ఈ వెసులుబాటు ఉందని తెలియకుండా పరీక్ష పోగొట్టుకుంటున్న తెలుగు పిల్లలు ఉన్నారు. వాళ్లకు ఈ మాట చేరవేయడం మెంటర్ బాధ్యత.

6. డబ్బు ఎవరిది, సమయం ఎక్కడిది?

సీసీఎన్ఏ ఫీజు 300 డాలర్లు. డాలరు 85 రూపాయలనుకుంటే 25,500. దానిపై 18 శాతం జీఎస్టీ వేసుకుంటే 30,090. తప్పితే ఐదు రోజులు ఆగి మళ్లీ రాయవచ్చు, కానీ మళ్లీ అంతే కట్టాలి. కంపెనీ తిరిగి ఇస్తుందంటే ఆ పాలసీని పూర్తిగా చదవమనండి. పాసైతేనే ఇస్తారా, ఇచ్చాక ఇన్ని నెలలు ఉద్యోగం మానకూడదన్న షరతు ఉందా, ముందుగా మేనేజర్ అనుమతి తీసుకోవాలా అన్నవి అందులోనే ఉంటాయి. ఇంటికి డబ్బు పంపే పిల్లలైతే, రెండోసారి ఫీజు కట్టే స్తోమత లేనప్పుడు, తయారీకి ఇంకో నెల ఇవ్వమనడమే మంచిది.

సమయం లెక్క ఎప్పుడూ షిఫ్ట్ పట్టిక ముందుపెట్టుకుని వేయాలి. నైట్ షిఫ్ట్ వారం తర్వాత వచ్చే మొదటి సెలవు నిద్రకే పోతుంది. దాన్ని చదువు కింద రాసుకోవద్దన్నాను. మిగిలిన సెలవురోజు నాలుగు గంటలు, డే షిఫ్ట్ వారాల్లో అదనంగా కొంత కలిపితే సగటున వారానికి ఆరు గంటలు తేలింది. వారానికి ఆరు గంటల చొప్పున 20 వారాలకు 120 గంటలు. మధ్యలో సంక్రాంతి ఉంది, ఇంట్లో అక్క పెళ్లి ఉంది. కాబట్టి ఐదు నెలలు కాదు, ఆరు నెలలు అనుకున్నాం. కోచింగ్ సెంటర్ బోర్డు మీద 45 రోజులని రాసి ఉంటుంది. అది రోజంతా ఖాళీగా ఉన్నవాళ్ల లెక్క.

7. మెటీరియల్ ఎక్కడినుంచి తెచ్చుకున్నావు?

డంప్స్ గురించి మొహమాటపడకుండా అడగాలి. పరీక్షలోంచి దొంగిలించిన ప్రశ్నలు, జవాబులు ఫోన్లలో తిరుగుతుంటాయి. పరీక్షకు ముందు ఒప్పందం మీద సంతకం చేస్తాం కాబట్టి, పట్టుబడితే ఫలితం రద్దవుతుంది, ఆ సంస్థ పరీక్షలు ఇకపై రాయనివ్వకుండా నిషేధం కూడా పడవచ్చు. మన దగ్గర దీన్ని చాలామంది తప్పుగానే చూడరు. నేను చూస్తాను. ఆ కాగితం నమ్మి కంపెనీ రాత్రి రెండింటికి ఒక్కడినే ఒక ఆసుపత్రి నెట్‌వర్క్ దగ్గర కూర్చోబెడుతుంది.

డంప్స్ మీద చదివినవాళ్లను గుర్తుపట్టడం కష్టం కాదు. ప్రశ్నలో ఒక అంకె మార్చి ఇవ్వండి, జవాబు మారదు. ఇంటర్వ్యూలో నేనైతే ఒకటే అడుగుతాను. "వేరే నెట్‌వర్క్‌లో ఉన్న మెషీన్‌కు పింగ్ కొట్టావు. నీ కంప్యూటర్ మొదట ఎవరి మ్యాక్ అడ్రస్ కోసం అడుగుతుంది?" అవతలి మెషీన్‌ది అనేవాడు ల్యాబ్ చేయలేదు. గేట్‌వేది అని చెప్పి, ఎందుకో కూడా చెప్పేవాడికి సర్టిఫికెట్ లేకపోయినా తర్వాతి ప్రశ్న వేస్తాను.

8. పాసైన మర్నాడు ఏం మారుతుంది? మూడేళ్ల తర్వాత?

సీసీఎన్ఏ గడువు మూడేళ్లు. ఆలోపు అదే దారిలో పై స్థాయి పరీక్ష ఒకటి పాసైతే ఇదీ రెన్యూ అవుతుంది. మైక్రోసాఫ్ట్‌లో ఏజెడ్-900 వంటి ప్రాథమిక పరీక్షలకు గడువు లేదు. ఏజెడ్-104 వంటివి ఏడాదికోసారి ఆన్‌లైన్లో రెన్యూ చేసుకోవాలి, దానికి ఫీజు లేదు. ఈ వివరాలు ముందే చెప్పండి, చాలు.

పెద్ద ప్రశ్న, పాసైన మర్నాడు ఏం మారుతుందన్నది. జూనియర్‌ను మాత్రమే కాదు, వాళ్ల మేనేజర్‌ను కూడా అడగాలి. నేను అడిగాను: "ఈ అమ్మాయి చదువు మొదలుపెడుతోంది. వీల్యాన్ మార్పు టికెట్లు ఎల్2 పర్యవేక్షణలో తనతో చేయిస్తారా?" ఆయన ఒప్పుకున్నారు. దాంతో చదువుతుండగానే పని చేతికొచ్చింది. ఆయన ఒప్పుకోకపోయి ఉంటే నేను పరీక్ష వాయిదా వేయమనేవాణ్ణి. చేయడానికి పని లేనప్పుడు మొదటి సర్టిఫికేషన్ కన్నా టీమ్ మార్పు ముందు అడగాలి.

కొందరికి జవాబు "ఇప్పుడేమీ వద్దు" అనే ఉంటుంది. చేరి మూడు నెలలు కాని పిల్లలకు, తమ టీములో ఏ పని ఎవరు చేస్తారో ఇంకా తెలియనివాళ్లకు నేను అలాగే చెబుతాను. తమ షిఫ్టులో వచ్చే పది రకాల టికెట్లకు పరిష్కారం రాసిపెట్టుకోమంటాను. ఆ నోట్సు పూర్తయ్యాక మళ్లీ రమ్మంటాను.

ఆ అమ్మాయి అనుకున్నదానికన్నా కొంచెం ఆలస్యంగా సీసీఎన్ఏ రాసి పాసైంది. ఎల్2కి మారింది. మార్చడానికి మేనేజర్ చూపించిన కారణం సర్టిఫికెట్ కాదు, ఆ అమ్మాయి స్వయంగా మూసిన వీల్యాన్ టికెట్లు. ఏడబ్ల్యూఎస్ ఆలోచన వదిలేయలేదు. ఇప్పుడు ఆ క్లయింట్ ఆఫీసుల నుంచి క్లౌడ్‌కు వెళ్లే కనెక్షన్లు తన టీము కిందికే వచ్చాయి. మొన్న అదే పాత పట్టికను మళ్లీ ప్రింట్ తీసుకుని వచ్చింది. ఈసారి చుక్కలు చాలా ఉన్నాయి. చెయ్యమన్నాను.

మీ దగ్గరికి ఎవరైనా జూనియర్ ఇదే ప్రశ్నతో వస్తే, దయచేసి అప్పటికప్పుడు పేరు చెప్పకండి. గత నెల టికెట్ల పట్టిక, తాను అనుకుంటున్న పరీక్ష అంశాల ప్రింటు, షిఫ్ట్ రోస్టరు ఈ మూడూ తీసుకురమ్మనండి. ఒక గంట కేటాయించి పక్కన కూర్చోండి.